తెర మీది ఎరుపు, బల్ల మీది నలుపు

నేను రాసిన ఒక రిపోర్టు కాపీ చాలా ఏళ్ళుగా నా టేబుల్ డ్రాయర్లోనే ఉంది. ఇంగ్లీషులో రాసిన దాని ఆఖరి వాక్యాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "కలర్ డాప్లర్‌లో కుడి అండాశయానికి రక్తప్రసారం ఉంది, కాబట్టి టోర్షన్ అయ్యే అవకాశం తక్కువ." కలర్ డాప్లర్ అంటే స్కాన్‌లో పారే రక్తాన్ని రంగుల్లో చూపే పద్ధతి, టోర్షన్ అంటే అండాశయం మెలి పడడం. ఆ వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగం తప్పు. మధ్యలో ఉన్న "కాబట్టి" అనే మాట మీదే ఈ వ్యాసమంతా.

నేను మహబూబ్‌నగర్‌లో స్కానింగ్ డాక్టర్ని. ఆ అమ్మాయికి అప్పుడు పదిహేడేళ్ళు, ఇంటర్ రెండో సంవత్సరం. దేవరకద్ర వైపు పల్లె. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను కానీ గంటలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కథలో అసలు విషయం గంటలే.

పొద్దున ఐదింటికి అంట్లు తోముతూ వంగిన మనిషి లేవలేకపోయింది. కుడివైపు పొత్తికడుపులో పోటు. ఆ వెంటనే వాంతి. ఆరున్నరకు ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేశాడు. ఏడింటికల్లా తగ్గి, పిల్ల నిద్రపోయింది. ఇంట్లో అందరూ గ్యాస్ అనుకున్నారు. మధ్యాహ్నం పన్నెండుకు మళ్ళీ అదే చోట, అంతకన్నా గట్టిగా వచ్చింది. వాళ్ళమ్మ నాకు చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి: "పొద్దుగాల లేసింది మేడం, సూది ఏసినంక తగ్గింది. మల్ల పగటీలి లేసింది. లేసినప్పుడల్లా కక్కుతనే ఉన్నది."

ఈ నాలుగు ముక్కల్లోనే జబ్బు పేరుంది. వినడం తెలిసినవాళ్ళకు అనుమానం రావడానికి స్కాన్ దాకా కూడా అక్కర్లేదు. మా వైపు కుడివైపు కడుపునొప్పి అనగానే 24 గంటల నొప్పి అంటారు, అంటే అపెండిసైటిస్. ఆ అమ్మాయిని పంపిన ఆస్పత్రి చీటీ మీదా అదే అనుమానం రాసి ఉంది. కానీ అపెండిక్స్ నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మందంగా మొదలై, కొన్ని గంటల తర్వాత కుడి కిందికి దిగుతుంది. ఎప్పుడు మొదలైందమ్మా అంటే "నిన్న సాయంత్రం నుంచి ఏదోలా ఉంది" అంటారు. అండాశయం మెలి పడితే గడియారం చూసినట్టు సమయం చెబుతారు. ఏం చేస్తుండగా వచ్చిందో కూడా చెబుతారు. వాంతి నొప్పితో పాటే వస్తుంది. ఇంకోటి, నొప్పి వచ్చి, పోయి, మళ్ళీ వస్తుంది. ఆ "పోవడం" చూసే ఇంట్లోవాళ్ళూ మేమూ మోసపోతాం. మెలిక కాస్త సడలితే నొప్పి తగ్గుతుంది, మళ్ళీ బిగిస్తే వస్తుంది. తగ్గింది కదా అంటే, మెలిక ఇంకా పూర్తిగా బిగుసుకోలేదని అర్థం. అంటే అండాశయాన్ని కాపాడుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. మనం ఆ సమయంలోనే పిల్లను ఇంటికి తీసుకుపోతాం.

నా దగ్గరికి వచ్చేసరికి నాలుగైంది. పెళ్ళికాని పిల్ల కాబట్టి పొట్ట మీది నుంచే స్కాన్ చేయాలి, దానికి మూత్రాశయం నిండి ఉండాలి. లీటరు నీళ్ళు తాగి కూర్చోమన్నారు మావాళ్ళు. తాగింది, కక్కింది. మళ్ళీ తాగింది. అలా గంటా పావు పోయింది. ఇప్పుడు నా దగ్గర ఆ పద్ధతి లేదు. ఇలాంటి అనుమానం ఉంటే సన్నటి గొట్టం వేసి మూడు వందల మిల్లీలీటర్ల సెలైన్ మూత్రాశయంలోకి ఎక్కిస్తాం, ఐదు నిమిషాల పని. పైగా నోటితో ఏదీ ఇవ్వకపోతే మత్తు డాక్టర్‌కు కూడా పని తేలిక. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

ఐదుంబావుకు ప్రోబు పెట్టాను. కుడి అండాశయం 5.4, 3.6, 4.0 సెంటీమీటర్లు. ఈ మూడింటినీ గుణించి 0.523తో హెచ్చిస్తే పరిమాణం వస్తుంది, దాదాపు 41 మిల్లీలీటర్లు. ఎడమది 7. మామూలుగా ఆ వయసులో పది లోపు ఉంటుంది. గడ్డ ఏమీ లేదు. అండాశయం అంచున చిన్న చిన్న ఫాలికల్స్, అంటే అండాలు పెరిగే నీటి సంచులు, మధ్యలో తెల్లగా ఉబ్బిన కండ. గర్భాశయం వెనక కొంచెం నీరు. డాప్లర్ నొక్కగానే అండాశయంలో ఎరుపు, నీలం చుక్కలు మెరిశాయి. నాకు ఊపిరి వచ్చినట్టయింది. "ఫాలికల్స్ అంచున ఉన్నాయి, పీసీఓడీ లాంటి రూపం" అని ఒక వాక్యం రాసి, దాని కింద ఆ ఆఖరి వాక్యం రాశాను.

ఒకవైపే పీసీఓడీ ఎక్కడుంది? ఈ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి రెండో అమ్మాయికీ పీసీఓడీ అని రాస్తుండేవాళ్ళం, చెయ్యి ఆ మాటకు అలవాటు పడిపోయింది. పీసీఓడీలో రెండు అండాశయాలూ కాస్త పెద్దవిగా ఉంటాయి, నొప్పి ఉండదు. ఒకటి పక్కదానికి ఆరింతలు ఉండి, ప్రోబుతో నొక్కినప్పుడు పిల్ల నా చెయ్యి పట్టుకుందంటే అది వేరే సంగతి. కొలతలు రెండూ నేనే రాశాను, పక్కపక్కనే. భాగహారం మాత్రం చేయలేదు.

ఇప్పుడు ఆ ఎరుపు ఎందుకు కనపడిందో చెప్పాలి.

అండాశయం కడుపులో దేనికీ అతుక్కుని ఉండదు. తొడిమకు కాయలా వేలాడుతుంది, కాకపోతే దీనికి తొడిమలు రెండు. ఒకటి గర్భాశయానికి కట్టిన పొట్టి కట్టు. రెండోది నడుము ఎముక వైపు నుంచి దిగే కట్టు, పెద్ద రక్తనాళాలు దాంట్లోంచే వస్తాయి. రక్తం కూడా రెండు దారుల్లో చేరుతుంది. ఒక ధమని పైనుంచి, నేరుగా బృహద్ధమని నుంచి దిగుతుంది. ఇంకొకటి గర్భాశయం ధమని నుంచి చీలి పక్కగా వస్తుంది. కౌమారంలో గర్భాశయం వైపు కట్టు పొడవుగా ఉండటం వల్ల, గడ్డ లేని మామూలు అండాశయం కూడా తిరిగిపోవచ్చు. పెద్ద ఆడవాళ్ళలో అయితే సాధారణంగా ఐదు సెంటీమీటర్లు దాటిన గడ్డ ఒకటి, ముఖ్యంగా డెర్మాయిడ్ అనే రకం గడ్డ, బరువుతో తిప్పుతుంది. కుడివైపు ఎక్కువగా జరుగుతుంది. ఎడమవైపు పెద్దపేగు చోటు ఆక్రమించుకుని ఉండటం దానికొక కారణం అంటారు.

మెలి పడినప్పుడు అన్ని నాళాలూ ఒకేసారి మూసుకుపోవు. పొలంలో మోటారుకు తగిలించే మెత్తటి ప్లాస్టిక్ పైపునూ, గట్టి నల్ల పైపునూ కలిపి మెలిపెట్టి చూడండి. మెత్తటిది మొదటి మెలికకే చదునై నీళ్ళు ఆగిపోతాయి. గట్టిది ఇంకా పోస్తూనే ఉంటుంది. సిర గోడ పల్చన, దానిలో ఒత్తిడి తక్కువ, అది మెత్తటి పైపు. ధమని గోడ మందం, గుండె వెనక నుంచి తోస్తూ ఉంటుంది. కాబట్టి మొదటి గంటల్లో రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి మాత్రం ఉండదు. అండాశయం నీరు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన కండ ఫాలికల్స్‌ను అంచుకు నెడుతుంది. నేను పీసీఓడీ అని రాసింది ఈ ఉబ్బునే. ఆ ఒత్తిడి పెరిగీ పెరిగీ చివరికి ధమనిని కూడా ఆపేస్తుంది. అప్పుడు తెర నల్లబడుతుంది, అండాశయం చావడం మొదలవుతుంది.

అంటే డాప్లర్ రంగు పోయేదాకా ఆగడమంటే, అండాశయం చావడం మొదలయ్యేదాకా ఆగడమే. రంగు లేకపోతే ఆ సమాచారానికి విలువ చాలా ఎక్కువ, టోర్షన్ అని దాదాపు నమ్మొచ్చు. అది కూడా మిషన్లో స్కేల్ సరిగ్గా తగ్గించి, ఎడమవైపు చూసి పోల్చుకున్నాకే. స్కేల్ ఎక్కువ పెడితే నెమ్మదిగా పారే రక్తం కనిపించనే కనిపించదు, మంచి అండాశయం కూడా చచ్చినట్టు కనపడుతుంది. రంగు ఉంటే మాత్రం ఆ సమాచారానికి విలువ చాలా తక్కువ. ఆపరేషన్‌లో మెలిక తేలిన కేసుల్లో స్కాన్‌లో రక్తప్రసారం మామూలుగా కనిపించినవి అరుదేమీ కాదు. ఒకే పరీక్షకు "లేదు" అన్నప్పుడు ఒక బరువు, "ఉంది" అన్నప్పుడు ఇంకో బరువు ఎలా ఉంటుందో నాకు పుస్తకంలో చదివినప్పుడు అర్థం కాలేదు. ఈ పిల్ల తర్వాతే అర్థమైంది.

మరి దేన్ని చూడాలి? నా మట్టుకు నేను రంగు బటన్ నొక్కేముందు రెండు పనులు చేస్తున్నాను. మొదటిది, రెండువైపులా కొలిచి భాగించడం, అండాశయం ఎక్కడుందో చూడడం. తిరిగిన అండాశయం తన చోటు వదిలి గర్భాశయం మీదికో వెనకకో మధ్యకు జరుగుతుంది. రెండోది, తొడిమను వెతకడం. గర్భాశయం మూల నుంచి అండాశయం దాకా ప్రోబును నెమ్మదిగా జరుపుతూ పోతే, మెలిక ఉన్నచోట ఒకదానిలో ఒకటి వలయాలుగా, నీళ్ళల్లో సుడిలా కనపడుతుంది. డాప్లర్ అక్కడ పెడితే నాళాలు గుండ్రంగా తిరుగుతూ కనిపిస్తాయి. ఇది చాలా నమ్మదగిన గుర్తు. కానీ ఓపిక కావాలి, పేగుల్లో గాలి అడ్డం వస్తే దొరకదు, దొరకనంత మాత్రాన లేదని కాదు. ఆ రోజు నేను అండాశయం లోపలే చూశాను. తొడిమ దగ్గరికి పోనేలేదు. మెలిక ఉండేది తొడిమలో.

కథలోకి వస్తే, నా రిపోర్టు చూసి ఆ ఆస్పత్రి వాళ్ళు అమ్మాయిని చేర్చుకుని డ్రిప్ పెట్టారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, అపెండిక్స్ అనుకుని చూద్దామన్నారు. రాత్రి పదకొండుకు నొప్పి తగ్గింది. ఈసారి తగ్గింది సడలి కాదు. అండాశయం చచ్చుబడేకొద్దీ నొప్పి తగ్గవచ్చు. అందరూ సంతోషించారు. పొద్దున ఎనిమిదింటికి పాలు, బ్రెడ్ పెట్టారు. తొమ్మిదికి వంద జ్వరం, కడుపు గట్టిపడింది, నా దగ్గరికి మళ్ళీ పంపారు. అండాశయం 7.1, 5.3, 5.8. అంటే 114 మిల్లీలీటర్లు. రంగు లేదు. తొడిమ దగ్గర సుడి స్పష్టంగా కనపడింది, అంత వాపులో దాచుకునే చోటు దానికి లేదు. అప్పటికి ఇరవై ఎనిమిది గంటలు.

పాలూ బ్రెడ్డూ తిన్న కడుపుకు మత్తు ఇవ్వడానికి మామూలుగా ఆరు గంటలు ఆగాలి. అత్యవసరమైతే మత్తు డాక్టర్ జాగ్రత్తలు తీసుకుని ముందే ఇవ్వొచ్చు, అక్కడ నాలుగు గంటలు ఆగి ఒంటిగంటకు మొదలుపెట్టారు. కడుపునొప్పితో చేరిన ఆడపిల్లకు తేలేదాకా ఏమీ పెట్టకూడదంటే ఇంట్లోవాళ్ళకు కోపం వస్తుంది, "నిన్నటి నుంచి ఏం తినలే" అని కొబ్బరిబోండం, మోసంబి రసం దొంగచాటుగా పట్టుకొస్తారు. వాళ్ళను తప్పు పట్టలేను. నా దగ్గర లీటరు నీళ్ళు తాగించింది ఎవరు?

పొట్ట తెరిచారు. మూడు మెలికలు. అండాశయం, ట్యూబు కలిసి నేరేడుపండు రంగులో, కొన్నిచోట్ల పూర్తి నలుపు. సర్జన్ మెలిక విప్పకుండానే తొడిమ మొదట్లో క్లాంపు వేసి రెండింటినీ తీసేశారు.

ఇక్కడ రెండో రంగు సంగతి. ఆ సర్జన్ మంచి పనితనం ఉన్న మనిషి, ఆయన చదువుకున్న రోజుల్లో నేర్పింది అదే. నల్లబడితే చచ్చినట్టు. విప్పితే అందులో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోతుంది, కాబట్టి విప్పకుండా కోసెయ్. ఆ భయానికి ఆధారం దొరకలేదు. విప్పినవాళ్ళలో అలాంటి గడ్డలు ఎక్కువేమీ కాలేదని తర్వాత వచ్చిన అధ్యయనాల్లో తేలింది. నలుపు సంగతీ అంతే. ఆ నలుపు ఎక్కువగా బయటికి పోలేక లోపల నిలిచిపోయిన రక్తం, చావు రంగు కాదు. విప్పి, పది పదిహేను నిమిషాలు ఆగి చూస్తే కొన్నిసార్లు ఎర్రబడుతుంది. కొన్నిసార్లు బల్ల మీద ఏమీ మారదు, అయినా నెలల తర్వాత స్కాన్ చేస్తే అందులో ఫాలికల్స్ పెరుగుతూ కనిపిస్తాయి. అలా వదిలేసిన అండాశయాల్లో ఎక్కువ భాగం మళ్ళీ పని చేస్తాయి. అందుకే అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏసీఓజీ 2019లో కౌమార బాలికల గురించి ఇచ్చిన సూచనల్లో, చూడటానికి ఎలా ఉన్నా సరే మెలిక విప్పి అండాశయాన్ని ఉంచమనే చెప్పింది. ముట్టుకుంటే ముక్కలై రాలేంతగా కుళ్ళితే తప్ప. గడ్డ ఉంటే దాన్ని కూడా ఆ వాపులో అప్పుడే తీయక్కర్లేదు, ఆరేడు వారాలు ఆగి తీయొచ్చు. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్ళ లెక్క వేరు, అక్కడ క్యాన్సర్ అనుమానం ఎక్కువ, సాధారణంగా తీసేస్తారు.

ఇది చదివి ఎవరైనా "నల్లబడ్డా బతుకుతుంది కదా, మరి తొందరేముంది" అనొచ్చు. నాతో ఒక సర్జనే అన్నాడు. బతికే అవకాశం గంట గంటకూ తగ్గుతూ పోతుంది. ఇన్ని గంటలు దాటితే ఇక అంతే అని గీత గీసి చెప్పే అంకె లేదు, ఎందుకంటే మెలికలు ఎన్ని, ఎంత గట్టిగా, మధ్యలో ఎన్నిసార్లు సడలింది అన్నది ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. మొదటి గంటల్లోనే విప్పితే చాలావరకు మామూలుగానే ఉంటుంది, ఆలస్యమైనకొద్దీ నష్టం జరిగే అవకాశం పెరుగుతుంది. గీత లేదు కాబట్టి టేబుల్ దాకా తొందరపడాలి. టేబుల్ మీదికి వచ్చాక అదే కారణం చేత తీసెయ్యడానికి తొందరపడకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు మాటల్లా వినపడతాయి, కావు.

"అనుమానంతో కోస్తామా మేడం?" అనేది ఇంకో అభ్యంతరం, ఇది సరైనదే. అనుమానంతో లాపరోస్కోపీ చేసిన ప్రతిసారీ మెలిక దొరకదు. అండం విడుదలైన చోట రక్తం కారి ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. మత్తు ప్రమాదం, డబ్బు ఖర్చు, పెళ్ళికాని పిల్ల కడుపు మీద మూడు చిన్న గాట్లు. వాళ్ళ నాయన ఆ రోజు అడిగింది కూడా ఆపరేషన్ గురించి కాదు, మచ్చ గురించి. నేను ఈ ఖర్చును చిన్నది చేసి మాట్లాడను. కానీ ఈ జబ్బును ఖాయం చేసే రక్తపరీక్ష లేదు. సీటీ తీస్తే గంటలు పోతాయి తప్ప కాదని తేల్చదు. లోపలికి చూడటం తప్ప ఖాయం చేసుకునే దారి లేనప్పుడు, కొన్నిసార్లు ఖాళీ చేతులతో బయటికి రావడం ఈ పనిలో భాగమే. ఒక్కసారి కూడా అలా రాని సర్జన్ ఎక్కువ ఆగుతున్నాడని నా అభిప్రాయం.

ఆ అమ్మాయి బాగానే ఉంది. ఎడమ అండాశయం ఒక్కటే నెలసరి నడుపుతోంది, పిల్లలు పుట్టడానికి ఒకటి చాలు. కానీ ఇప్పుడు ఆమెకు ఎడమవైపు ఏ కొంచెం నొప్పి వచ్చినా అది అందరి నొప్పి లాంటిది కాదు. పోయిన సంక్రాంతికి పుట్టింటికి వచ్చినప్పుడు ఎడమ పొత్తికడుపులో నొప్పి లేచింది. సూదికి పోలేదు, తిండి పెట్టనివ్వలేదు, నేరుగా నా దగ్గరికొచ్చింది. ఎనిమిది మిల్లీలీటర్లు, తన చోటులోనే ఉంది, తొడిమ సాపుగా ఉంది, అప్పుడే పగిలిన ఫాలికల్ ఒకటి. అరగంట తర్వాత మళ్ళీ చూశాను, సాయంత్రం ఇంకోసారి పిలిపించి చూశాను. ఒంటి అండాశయం ఉన్నవాళ్ళకు దాన్ని కుట్టి నిలబెట్టే ఆపరేషన్ ఒకటుంది, దాని గురించి గైనకాలజిస్టుతో మాట్లాడమని రాసిచ్చాను.

రిపోర్టుల్లో ఇప్పుడు నేను "కాబట్టి" రాయను. పరిమాణాలు, వాటి నిష్పత్తి, ఉన్న చోటు, తొడిమ, నొక్కితే నొప్పి, ఆ తర్వాతే రంగు. రంగు కింద ఒక వాక్యం ఉంటుంది: "రక్తప్రసారం కనిపించడం వల్ల టోర్షన్ లేదని చెప్పలేము." రిపోర్టు టైపయ్యేలోపే సర్జన్‌కు ఫోన్ చేస్తాను. పోయిన నెల నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన పిల్ల విషయంలో కూడా ఆయన మొదట అదే అడిగారు.

"డాప్లర్లో ఫ్లో ఉందా మేడం?"

"ఉంది సార్. థియేటర్ రెడీ చేయించండి."